బాగుందా అంటే ఎవరికి బాగుండాలె?

రెండు నెలల కింద ఒక ఆదివారం రాత్రి పదకొండు గంటలకు నా ఫోనుకు ఒక ఫైలు వచ్చింది. పదహారు స్లైడ్లు. కింద ఒకటే మాట: "మామా, బాగుందా?"

పంపింది మా అక్క కొడుకు. సొంత అక్క కాదు, వాడకట్టు వరుస. ఇబ్రహీంపట్నం మండలంల మా ఊరే. డిగ్రీ అయినంక నాలుగేండ్లు శేరిగూడ దిక్కు ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ మెస్సుల స్టోరు చూసుకున్నడు. ఎన్ని బియ్యం, ఎన్ని గుడ్లు, ఏ పొద్దు ఎంత కూర మిగిలింది, అన్నీ వానికి ఎరుకే. అక్కడనే వానికి ఈ ఆలోచన పుట్టింది. పిల్లలు రాత్రిపూట జొన్న రొట్టె అడుగుతున్నరు. మెస్సుల రొట్టె కొట్టే మనిషి దొరుకుతలేదు. మనమే ఊర్ల షెడ్డు పెట్టి, మిషన్ తెచ్చి, మెస్సులకు రొట్టెలు పంపితే?

ఆలోచన నాకు నచ్చింది. స్లైడ్లు తెరిచి చూసిన.

మొదటి స్లైడు మీద జొన్న కంకి బొమ్మ, ఇంగ్లీషుల పేరు. రెండోది విజన్, మూడోది మిషన్. నాలుగో స్లైడుల ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగ ప్రకటించిన ముచ్చట. అయిదో స్లైడుల దేశమంత జొన్న మార్కెట్ ఎన్ని వేల కోట్లో. నడుమ సూటు వేసుకున్న తెల్లోళ్ళు చేతులు కలుపుకుంటున్న ఫోటో. పన్నెండో స్లైడుల లెక్క: రోజుకు 1,500 రొట్టెలు, రొట్టెకు 10 రూపాయలు, నెలకు లాభం 1,34,000. పద్నాలుగో స్లైడుల "మాకు కావలసింది 20 లక్షలు, ఇచ్చే వాటా 10 శాతం". దాని పక్క స్లైడులనే "బ్యాంకు లోను 9.5 లక్షలు, సబ్సిడీ 35 శాతం". చివరిది థాంక్యూ.

"ఎవరికి చూపిస్తవ్ రా ఇది?" అని రాసిన.

"అందరికీ మామా. బ్యాంకు సారుకు ఇస్త. హైదరాబాద్ల ఒక ఇన్వెస్టర్ సార్ ఉన్నడు, ఆయనకు పంపిస్త. అమ్మకు, పెద్దనాయినకు కూడ టీవీల పెట్టి చూపిస్త."

ఆ రాత్రి నేను ఏం జవాబు రాయలేదు. రాయలేకపోయిన. ఎందుకంటే నాకు నా టెంట్ హౌస్ యాదికొచ్చింది.

నా పాత పోస్టులు చదివిన దోస్తులకు ఎరుకే, ఉద్యమంలకు పూర్తిగ రాకముందు నేను కొన్ని వ్యాపారాలు చేసి చేతులు కాల్చుకున్న మనిషిని. అందుల మొదటిది టెంట్ హౌస్. అప్పుడు స్లైడ్లు లేవు. తహసీల్ ఆఫీసు పక్కన డీటీపీ సెంటర్ ఉండేది. అక్కడ కూసున్నాయన "ఏం యూనిట్?" అని అడిగి, పాత ఫైలుల పేరు మార్చి, ప్రాజెక్టు రిపోర్టు తీసి ఇచ్చెటోడు. మన దిక్కు ఎస్సీ లోన్లు పెట్టుకున్నోళ్ళందరికీ ఈ యూనిట్ అన్న మాట తెలుసు. బర్రెల యూనిట్, ఆటో యూనిట్, టెంట్ హౌస్ యూనిట్. నా రిపోర్టుల ఆయన ఏడాదికి 200 రోజుల గిరాకీ అని కొట్టిండు. "గింత గిరాకీ యాడిది సార్?" అంటే "బ్యాంకోళ్ళు ఒప్పుకోవాలె గదా" అన్నడు.

బ్యాంకోళ్ళు ఒప్పుకున్నరు. అది వేరే సంగతి. అసలు తప్పు అటెన్క జరిగింది. ఆ కాగితం నేను ఇంటికి తెచ్చి మా అమ్మకు చదివి వినిపించిన. 200 రోజులు, రోజుకు ఇంత, ఏడాదికి ఇంత. అమ్మ ఏం మాట్లాడకుండ చెవుల కమ్మలు తీసి ఇచ్చింది, నా వంతు పైసలు కట్టుమని. బ్యాంకును ఒప్పియ్యడానికి రాసిన అబద్ధాన్ని మా ఇంట్ల అందరం నిజమని నమ్మినం. రాసుకున్నోన్ని నేనే నమ్మిన.

ముహూర్తాలు ఏడాదికి 200 ఉండయి. మూఢంల పెండ్లిళ్ళు ఉండయి. బ్యాంకు కిస్తీకి మాత్రం మూఢం లేదు. ఇంకొకటి కూడ ఉంది, అది ఏ రిపోర్టుల రాయని ముచ్చట. ఊర్ల పెద్ద కులాలోళ్ళు నా షామియానా తీస్కున్నరు. కుర్చీలు తీస్కున్నరు. వంట గిన్నెలు మాత్రం తీస్కోలేదు. గిన్నెలు పక్క మండలం నుంచి ట్రాలీల తెప్పించుకున్నరు. నేను పెట్టిన పైసలల్ల పెద్ద భాగం ఆ గిన్నెల మీదనే ఉండె. కమ్మలు మళ్ళ అమ్మ చెవులకు రాలేదు.

అందుకే "బాగుందా" అన్న మాటకు నేను బాగుంది అనలేను, బాగలేదు అనలేను. పొద్దున ఫోన్ చేసి, నోటుబుక్కు పట్టుకొని బస్టాండ్ కాడికి రమ్మన్న.

చాయ్ తాగుకుంట ముందుగాల బ్యాంకు సంగతి మాట్లాడుకున్నం.

వాడు పెట్టుకోవాలనుకున్నది పీఎంఈజీపీ. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం. 2022 నాటి మార్గదర్శకాల ప్రకారం ఎస్సీలు తమ వంతు 5 శాతం పెట్టుకుంటే మిగిలిన 95 శాతం బ్యాంకు ఇస్తది. సబ్సిడీ గ్రామంల అయితే 35 శాతం, పట్నంల అయితే 25. వాడు మొదలు ఇబ్రహీంపట్నం మున్సిపాలిటీల షెడ్డు చూసిండు. రోడ్డు మీద ఉంటదని. పంచాయతీ పరిధిల ఉంటే గ్రామం, మున్సిపాలిటీ పరిధిల ఉంటే పట్నం. 10 లక్షల ప్రాజెక్టు మీద ఈ గీత అవతలికి, ఇవతలికి లక్ష రూపాయల తేడా. షెడ్డు మళ్ళ ఊర్లకే వచ్చింది.

సబ్సిడీ అంటే చేతికి వస్తదని వాని నమ్మకం. అట్ల రాదు. 10 లక్షలల్ల వాని వంతు 50,000. బ్యాంకు ఇచ్చేది 9.5 లక్షలు. సబ్సిడీ 3.5 లక్షలు బ్యాంకుల డిపాజిట్ లెక్క మూడేండ్లు పడి ఉంటది. అంత మేరకు అప్పు మీద మిత్తి పడది, డిపాజిట్ మీద మిత్తి రాదు. యూనిట్ నడుస్తున్నదని తనిఖీల తేలినంకనే అది అప్పుకు జమ అయితది. అంటే లెక్కకు 6 లక్షల అప్పే, కాని మూడేండ్లు ఆ సబ్సిడీ మనది కాదు. 6 లక్షలకు 11 శాతం మిత్తి అనుకొని అయిదేండ్లకు లెక్క కడితే నెలకు 13,000 దాక కిస్తీ వచ్చింది.

బ్యాంకు అధికారి చూసేది ఆ 13,000 యాడికెళ్ళి వస్తదో అన్నదే. ఆయనకు మన విజన్ అక్కరలేదు. మనం గొప్పగ ఎదిగినా ఆయనకు వచ్చేది అదే కిస్తీ. మనం మునిగితే మాత్రం ఆయన ఖాతాల మొండి బాకీ. అందుకే ఆయన మంచి రోజును చూడడు, చెడ్డ రోజును చూస్తడు. చెడ్డ రోజు కూడ కిస్తీ వెళ్తదని చూపించిన కాగితమే ఆయనకు బాగున్న కాగితం.

మరి చెడ్డ రోజు లెక్క తీద్దామని నోటుబుక్కు తెరిచినం. ఒక రొట్టె 10 రూపాయలు. అందుల జొన్నపిండి 4 రూపాయలు, గ్యాసు, ప్యాకింగు కలిపి ఒక రూపాయి. అమ్మిన ప్రతి రొట్టె మీద మిగిలేది 5 రూపాయలు. ఇగ రొట్టె అమ్మినా అమ్మకున్నా నెలనెలా పొయ్యే ఖర్చు: రొట్టెలకు నలుగురు మనుషులు, 12,000 చొప్పున 48,000. డెలివరీ ఆటోకు 20,000. షెడ్డు కిరాయి 10,000. కరెంటు, రిపేరు 7,000. మొత్తం 85,000.

"మామా, నేను 61,000 రాసిన గదా" అన్నడు.

"నువ్వు ఇద్దరి జీతమే రాసినవ్. మిగిలిన ఇద్దరెవరు?"

"అమ్మ, ఇంట్ల ఆమె."

"వాళ్ళకు జీతం లేదా?"

వాడు చాయ్ గ్లాసుల చూసిండు. ఈ ముచ్చట మళ్ళ వస్తది. అప్పటికైతే 85,000 అనే రాసినం.

రోజుకు 1,500 రొట్టెలు, నెలకు 26 రోజులు అమ్ముడైతే 85,000 పోంగ 1,10,000 మిగులుతది. ఆ లెక్క చూస్తే కిస్తీకి ఎనిమిదింతల పైసలు. అది చూసిన బ్యాంకాయన సంతోషపడడు, అనుమానపడతడు. మొదటి రోజు నుంచే మిషన్ పూర్తిగ నడుస్తదని రాసినోడు మిషన్ నడిపినోడు కాదని ఆయనకు తెలుస్తది. సగమే అమ్ముడైతే? 750 రొట్టెలు. మిగిలేది 12,500. కిస్తీకి 500 తక్కువ. వాని ఇంటి ఖర్చుకు సున్నా.

"మరి ఎన్ని అమ్మితే నిలబడతం?" అని వాడే అడిగిండు. అదే అడగాల్సిన మాట. నెల ఖర్చు 85,000, కిస్తీ 13,000, ఇల్లు గడవడానికి 15,000. మొత్తం 1,13,000. రొట్టెకు 5 చొప్పున అంటే నెలకు 22,600 రొట్టెలు. రోజుకు 870.

పదహారు స్లైడ్లల్ల ఈ 870 యాడ లేదు. బ్యాంకుకు కావలసిన నంబర్ అదొక్కటే. మొదటి ఏడాది మిషన్ 60 శాతం నడుస్తదని, అంటే రోజుకు 900 అని రాసినం. అప్పుడు ఇంటి ఖర్చు కూడ పోయి కిస్తీ కోసం 17,000 ఉంటది. ప్రతి రూపాయి కిస్తీకి రూపాయి ముప్పై పైసలు. బ్యాంకోళ్ళు దీన్ని డీఎస్‌సీఆర్ అంటరు. ఒకటికి కింద ఉంటే కిస్తీ వెళ్ళది. మామూలుగ ఒకటింబావు, ఒకటిన్నర అట్ల ఉండాలని చూస్తరు. ఎనిమిది కన్న 1.3 మీదనే నమ్మకం ఎక్కువ.

ఇంకొక గుంత వానికి నేను చెప్పలేదు, వాడే నాకు చెప్పిండు. మెస్సుల బిల్లు 45 రోజులకు గాని రాదు. వాడే నాలుగేండ్లు అట్ల పైసలు ఆపి ఇచ్చిన మనిషి. స్లైడుల మాత్రం అమ్మిన నాడే పైసలు వచ్చినట్టు రాసిండు. రోజుకు 1,500 అమ్మితే నెల ఖర్చు 2,80,000. 45 రోజులు చేతికి రాకుంటే 4,20,000 ముందే పెట్టి ఉండాలె. ప్రాజెక్టుల పెట్టుబడి కోసం పెట్టుకున్నది 3 లక్షలు. గిరాకీ పెరిగినకొద్ది లక్షా ఇరవై వేలకు ఊర్ల మూడు రూపాయల మిత్తికి పోవాలె. అమ్మకాలు లేక మునిగినోళ్ళను చూసినం గాని, అమ్మకాలు పెరిగి మునిగినోళ్ళు కూడ మన దిక్కు శానమంది ఉన్నరు. రోజుకు 900 కాడ ఆగితే ఆ 3 లక్షలు అటుఇటుగ సరిపోతయి. అందుకే మొదటి ఏడాది 900 దాటొద్దని రాసుకున్నం. ఎండకాలం హాస్టళ్ళు ఖాళీ అయ్యే నెలలను దాచిపెట్టకుండ, పన్నెండు నెలలు పన్నెండు గళ్ళల్ల చూపించినం.

జమానతు గురించి ఒక మాట. ఈ స్కీముల 10 లక్షల లోపు ప్రాజెక్టుకు తాకట్టు అడగొద్దని ఉంది. అడిగినప్పుడు స్కీము నిబంధన కాగితం చూపించుడు మన హక్కు. అమ్మ పేరు మీద ఉన్న ఇంటి కాగితాలు సంచిల పెట్టుకొని పోవద్దని వానికి చెప్పిన. సంచిల ఉంటే బయటకు తీయబుద్ధయితది.

ఇగ ఇన్వెస్టర్ సార్. ఈ ముచ్చట మీద ఎక్కువ సేపు కూసోలేదు.

"20 లక్షలకు 10 శాతం అని రాసినవ్. అంటే నీ షెడ్డు విలువ ఎంత అని చెప్పినట్టు?"

వాడు లెక్క పెట్టిండు. "2 కోట్లు."

"పక్క స్లైడుల బ్యాంకుకు 10 లక్షల ప్రాజెక్టు అని చెప్పినవ్. ఇంకా కట్టని షెడ్డు ఒక దిక్కు 10 లక్షలు, ఒక దిక్కు 2 కోట్లు. రెండు స్లైడ్లు ఒకే చేతుల పడితే నిన్ను ఎవరు నమ్ముతరు?"

వాటా కొనే మనిషికి కిస్తీ ఉండది. మనం మునిగితే ఆయన పైసలు మునుగుతయి. పది కంపెనీలల్ల పెట్టి ఎనిమిది మునిగినా ఒక్కటి బాగ ఎదిగితే చాలనుకుంటడు. అందుకే ఆయన మన చెడ్డ రోజును కాదు, అన్నిటికన్న పెద్ద రోజును చూస్తడు. ఒక షెడ్డు యాభై షెడ్లు ఎట్ల అయితది? ఇంకొకడు ఇదే మిషన్ కొని పక్క ఊర్ల పెడితే నువ్వు ఏం చేస్తవ్? అయిదారేండ్లకు నా వాటా నేను ఎవరికి అమ్ముకోవాలె? రోజుకు 900 దాటొద్దు అన్న మాట బ్యాంకుకు బుద్ధిమంతుని మాట. అదే మాట ఇన్వెస్టర్‌కు తలుపు మూసుడు. పైగా పీఎంఈజీపీ వ్యక్తి పేరు మీద తీసుకుంటున్నడు, ఆయన వాటా కొనాలంటే కంపెనీ ఉండాలె. ఒకే షెడ్డును రెండు పడవల మీద నిలబెట్టినట్టు.

మనోళ్ళకు ఈ దారి మొత్తానికే లేదని నేను అంటలేను. షెడ్యూల్డ్ కులాల వెంచర్ క్యాపిటల్ ఫండ్ అని 2015ల మొదలైంది, ఐఎఫ్‌సీఐ వెంచర్ నడుపుతున్నది. 2020ల అంబేద్కర్ పేరు మీదనే స్టార్టప్‌ల మిషన్ తెచ్చిండ్రు, ఇంక్యుబేటర్లల్ల ఉన్న ఎస్సీ యువత కంపెనీలకు మూడేండ్లల్ల 30 లక్షల దాక వాటా పెట్టుబడి ఇస్తరు. కాని అక్కడికి పోవాలంటే రొట్టెలు సరిపోవు, ఆ రొట్టె ఇంకొకరు చేయలేనిదై ఉండాలె. వారం రోజులు మెత్తగ ఉండే రొట్టె కనిపెడితే పో అని చెప్పిన. వాడు నవ్వి పద్నాలుగో స్లైడు తీసేసిండు.

మూడోది ఇల్లు. దీని గురించి ఎవరూ రాయరు. అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్న.

సాయంత్రం అక్క ఇంటికి పోయినం. వాడు స్లైడ్లు టీవీల పెట్టలేదు. నోటుబుక్కు ముందు పెట్టిండు. అక్క ఏడో తరగతి దాక చదివింది. డ్వాక్రా గ్రూపుల లీడరు. ఇరవై ఏండ్లుగ పది మంది ఆడోళ్ళ కిస్తీలు రాస్తున్న మనిషి. బ్యాంకు మేనేజర్ కన్న ఆమెకు అప్పు గురించి తక్కువ తెలుసని అనుకునుడు మన అహంకారం.

"నీ వంతు 50,000 యాడికెళ్ళి?" అని అడిగింది కొడుకును.

"ఓన్ కాంట్రిబ్యూషన్ అని రాసిన అమ్మా."

"ఎవరి ఓను?"

అది ఆమె గ్రూపుల తీసే అప్పు. వాడు కట్టకుంటే అక్క కట్టాలె. అక్క కట్టకుంటే ఆ గ్రూపుల ఉన్న తొమ్మిది మంది కట్టాలె. వాళ్ళల్ల ముగ్గురు ఉపాధి హామీ పనికి పోయేటోళ్ళు. బ్యాంకు కాగితంల "ప్రమోటర్ వంతు" అని ఒక్క గీతల అయిపోయింది గాని, దాని కింద తొమ్మిది ఇండ్లు ఉన్నయి.

అక్క రెండోసారి అడిగింది: "నేను, కోడలు ఎన్ని గంటలు చేయాలె?"

పొద్దున నాలుగు నుంచి పన్నెండు దాక. ఇద్దరి జీతం 24,000. వాని మొదటి లెక్కల అది లేదు. 1,34,000 లాభంల 24,000 వాడు సంపాయించింది కాదు, తల్లి, పెండ్లాం చెమటను లెక్కల రాయకుండ మిగిలింది. మన వాడలల్ల నడుస్తున్న సగం చిన్న వ్యాపారాలు ఇట్లనే లాభంల కనిపిస్తయి. దొర కాడ వెట్టి వద్దని కొట్లాడినోళ్ళం, ఇంట్ల వెట్టిని స్లైడుల లాభమని రాసుకుంటున్నం. వాని మీద కోపంతోని అంటలేను. నా టెంట్ హౌసుల పరదాలు ఉతికింది మా అమ్మనే. ఆమె పేరు కూడ ఏ కాగితంల లేదు.

మూడో ముచ్చట నేను ఎత్తిన. గిన్నెల ముచ్చట.

"రొట్టెలు ఎవరు చేసిండ్రని అడిగితే ఏం చెప్తవ్ రా?"

కొంచెం సేపు ఎవరూ మాట్లాడలేదు. బ్యాంకు ఫారంల దీనికి గడి లేదు. ఎస్సీ అన్న సర్టిఫికెట్ సబ్సిడీ కోసం జత చేస్తం, అదే కులం గిరాకీని ఎంత కోస్తదో రాసే జాగ ఉండది. ఇది కొత్త ముచ్చట కూడ కాదు. విదేశాల చదువుకొని వచ్చిన బాబాసాహెబ్ అంతటోడు బొంబాయిల పెట్టుబడుల సలహా ఇచ్చే వ్యాపారం మొదలువెడితే, కులం తెలిసినంక గిరాకీ ఆగిపోయింది. ఆయన లెక్కల తప్పు లేకుండె. షేరు మీద సలహాకే అట్ల అయితే, నోట్లకు పోయే రొట్టె సంగతి ఏంది?

"పేరుల ఏం తెలుస్తది మామా, బ్రాండ్ ఉంటది గదా" అన్నడు వాడు.

అక్క అన్నది: "దాచి అమ్మితే, తెలిసిన నాడు మిషన్ నీ కాడ ఉంటది, అప్పు నా కాడ ఉంటది."

ఆమెనే దారి చెప్పింది. మిషన్ కొనకముందే నెల రోజులు చేతితోని చేద్దాం. నేను, కోడలు కలిసి రోజుకు 120 చేస్తం. నువ్వు తీస్కపోయి అమ్ము. మాది ఫలానా ఊరు, ఫలానా వాడ, మా అమ్మ చేసింది అని చెప్పి అమ్ము. తెలిసి తీసుకున్నోళ్ళనే లెక్కల రాసుకో.

నెల రోజులు చేసిండ్రు. పిండికి, కట్టెలకు ఖర్చయింది, కాని మెస్సులోళ్ళు పెద్ద ఆర్డర్ కానందుకు అప్పటికప్పుడే పైసలిచ్చిండ్రు. మూడు మెస్సులు, సాగర్ రోడ్డు మీద రెండు కర్రీ పాయింట్లు. అందుల రెండు మెస్సులు, ఒక కర్రీ పాయింట్ ఇప్పటికీ అడుగుతున్నయి. ఒక కర్రీ పాయింటాయన మందంగ ఉన్నయని వద్దన్నడు, అది నిజమే. మూడో మెస్సు కాంట్రాక్టర్ మొదటి వారం మస్తున్నయని మెచ్చుకున్నడు. రెండో వారం "మీది ఊర్ల ఏ దిక్కు?" అని అడిగిండు. వీడు చెప్పిండు. మూడో వారం నుంచి ఫోన్ ఎత్తలేదు. రొట్టె మారలేదు, పిండి మారలేదు.

వాడు ఆ రోజు నాకు ఫోన్ చేసి ఏడ్చిండు. నేను ఓదార్చలేదు. "మిషన్ కొన్నంక తెలిస్తే ఏమయ్యేది?" అని మాత్రం అడిగిన. ఆ కాంట్రాక్టర్ కింద రోజుకు 300 రొట్టెలు వస్తయని వాని మొదటి స్లైడుల ఉండె.

ఇంకొక సంగతి కూడ ఆ నెలనే తెలిసింది. పెద్ద ఆర్డర్ ఇస్తా గాని రొట్టె 9కి ఇయ్యి అన్నది ఒక మెస్సు. ఒక్క రూపాయే గదా అనిపిస్తది. రొట్టె మీద మిగిలేది 5 నుంచి 4కు పడితే, నిలబడడానికి కావలసిన 870 కాస్తా దగ్గరదగ్గర 1,090 అయితది. నోటుబుక్కుల ఇది రాసినంక వాడు 10కి తగ్గనని వాళ్ళకు చెప్పిండు. వాళ్ళు తక్కువ తీసుకుంటమన్నరు, తీసుకుంటున్నరు.

ఇప్పుడు వాని కాడ పదహారు స్లైడ్లు లేవు. బ్యాంకు కోసం ఆరు పేజీలున్నయి. అందుల 900 ఉంది, నెలనెలా పట్టిక ఉంది, తెలిసి కొంటున్న మూడు చోట్ల నుంచి రాయించుకున్న కాగితాలున్నయి. ఇన్వెస్టర్ కోసం ఏం లేదు, ఇప్పటికి అక్కరలేదు. ఇంటి కోసం ఒకే పేజీ ఉంది, తెలుగుల, అక్క చేతిరాతతోని. అందుల నాలుగే ముచ్చట్లు. గ్రూపు అప్పు 50,000కు మించొద్దు. నాకు, కోడలికి నెలకు 12,000 చొప్పున మా ఖాతాల పడాలె. మూడు రూపాయల మిత్తికి ఎవరి కాడికీ పోవద్దు. కాలేజీ నడిచే నెలలల్ల వరుసగ మూడు నెలలు 870 దాటకుంటే మిషన్ అమ్మి అప్పుకు కట్టాలె, అప్పుడు ఎవరూ వాన్ని తిట్టొద్దు.

ఆఖరు మాట చదివినప్పుడు వాడు తలకాయ పక్కకు తిప్పుకున్నడు. బ్యాంకు రాయలేని మాట అది. ఇన్వెస్టర్ రాయలేని మాట అది.

ఆ రెండు కాగితాలల్ల ఒక నియమం మాత్రం పెట్టుకున్నం. బ్యాంకు పేజీల ఉన్న ఏ నంబరూ ఇంటి పేజీల ఉన్న నంబరుకు ఎదురు పోవద్దు. ఒకటి పొడుగుండొచ్చు, ఒకటి పొట్టిగుండొచ్చు. ఒకల్లకు కిస్తీ ముందు చెప్పొచ్చు, ఇంకొకల్లకు కమ్మలు ముందు చెప్పొచ్చు. కాని 900 రెండింట్ల 900ఏ ఉండాలె. నా రిపోర్టుల లేనిది అదే.

దరఖాస్తు పోయిన వారం ఆన్‌లైన్ల పెట్టిండు. ఇంకా బ్యాంకు నుంచి పిలుపు రాలేదు. వస్తదో రాదో చూడాలె. వస్తే అక్క కూడ వెంట పోతనంటున్నది, "లెక్క అడిగితే నేనే చెప్త" అని.

ఇట్ల స్లైడ్లు పంపి "అన్నా బాగుందా, మామా బాగుందా" అని అడిగే పిల్లలు నాకు ఇంకా నలుగురున్నరు. వాళ్ళ కోసమే ఇదంత రాసిన. నాకు పంపే ముందు మొదటి స్లైడు మీద ఒక్క గీత రాయుండ్రి: ఇది ఎవరు చదవాలని రాసిన, ఇది మునిగితే వాళ్ళు ఏం పోగొట్టుకుంటరు. అది రాసి పంపితే, రాత్రి పదకొండు గంటలకైనా సరే, నేను కూసోని చదువుత.

జై భీమ్.